హార్డ్ రాక్ బ్యాండ్ల చేత నెమ్మది పాటలు పాడించింది ఎవరు?

1976 వేసవిలో కిస్ బ్యాండ్ ఒక సింగిల్ విడుదల చేసింది. ముఖాలకు రంగులు, స్టేజీ మీద మంటలు, నోట్లోంచి రక్తం కక్కే బాసిస్టు... ఆ బ్యాండ్ పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఇవే. రికార్డు ఒకవైపు ‘డెట్రాయిట్ రాక్ సిటీ’ అని దుమ్ము లేపే పాట. దాని కోసమే ఆ రికార్డు వేశారు. రెండో వైపు ఏదో ఒకటి ఉండాలి కాబట్టి ‘బెత్’ అని ఒక నెమ్మది పాట పెట్టారు. పియానో, వయొలిన్లు, డ్రమ్మర్ పీటర్ క్రిస్ బొంగురు గొంతు. ఆ పాటలో కిస్ సభ్యులు ఇంకెవరూ వాయించలేదు.

ముందువైపు పాటని రేడియో పట్టించుకోలేదు. అది చార్టు ముఖమే చూడలేదు. కానీ కొన్ని స్టేషన్లలో డీజేలు రికార్డు తిప్పి వెనకవైపు పాట వేయడం మొదలుపెట్టారు. ఫోన్లు మోగాయి. కంపెనీ కంగారుగా ‘బెత్’నే ముందువైపుకి మార్చి మళ్లీ విడుదల చేసింది. అది బిల్‌బోర్డ్ హాట్ 100లో 7వ స్థానం దాకా ఎక్కింది. కిస్‌కి అప్పటిదాకా ఏ సింగిల్ మీదా అంత పేరు రాలేదు.

హార్డ్ రాక్ బ్యాండ్లు నెమ్మది పాటల వైపు ఎలా మళ్లాయన్న చర్చ వచ్చినప్పుడల్లా నేను ఈ కథ దగ్గరికే వస్తాను. మామూలుగా వినిపించే మాట వేరు: కంపెనీలు డబ్బు కోసం బ్యాండ్ల మెడలు వంచాయి, బ్యాండ్లు అమ్ముడుపోయాయి, ఆడపిల్లల కోసం ఏడుపు పాటలు పాడాయి. నా హాస్టల్ స్నేహితుడు ఒకడు ఇప్పటికీ ఇదే అంటాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ, “ఒరేయ్, నీ స్కార్పియన్స్ మంచి పాటలు ఇంకా ఉన్నాయిరా, నువ్వే వినవు” అని మొదలుపెడతాడు. వాడి కోపంలో నిజం ఉంది గానీ వరస తప్పు. ఆ పాటలు రాయమని మొదట ఎవరూ చెప్పలేదు. బ్యాండ్లలో ఎవరో ఒకరు తమకోసం రాసుకున్న పాటని రేడియో ఏరుకుంది. రేడియో ఏరుకుందని తెలిశాక కంపెనీలు అలాంటివే కావాలని అడగడం మొదలుపెట్టాయి. అంటే ఏరుకోవడం ముందు, ఆర్డర్ ఇవ్వడం తర్వాత. ఈ రెండింటి మధ్య దాదాపు పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లలో ఏం జరిగిందో చూడకపోతే మంచి పాటల్నీ మూసపాటల్నీ ఒకే గాటన కట్టేస్తాం.

మన దగ్గర ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. నా తరానికి ఆ బ్యాండ్లు రేడియోలో రాలేదు. ‘ఇంగ్లీష్ లవ్ సాంగ్స్’ అని పేరు పెట్టిన కలెక్షన్ క్యాసెట్లలో వచ్చాయి. ఒక్కో బ్యాండ్ నుంచి ఒక్కో పాట, అదీ నెమ్మది పాట. స్కార్పియన్స్ అంటే ఈల వేసే బ్యాండ్ అనీ, ఎక్స్‌ట్రీమ్ అంటే గిటారొకటి పట్టుకుని కూర్చునే ఇద్దరు కుర్రాళ్లనీ చాలాకాలం నమ్మాం. అమెరికన్ రేడియో ఏరగా మిగిలింది మాత్రమే మన దాకా వచ్చిందన్నమాట.

ఇంతకీ రేడియో ఎందుకు అలా ఏరుకుంది? ఏఎం, ఎఫ్ఎం కథ ఇక్కడ కొంచెం తెలియాలి. 1960ల మధ్యదాకా అమెరికాలో చాలా ఎఫ్ఎం స్టేషన్లు తమ ఏఎం స్టేషన్‌లో వచ్చేదాన్నే మళ్లీ ప్రసారం చేసేవి. పెద్ద ఊళ్లలో అలా చేయడానికి వీల్లేదని ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నియమం పెట్టడంతో యజమానులు ఎఫ్ఎంకి వేరే కార్యక్రమాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఖర్చు తక్కువ, వినేవాళ్లు తక్కువ, అందుకే డీజేలకి స్వేచ్ఛ ఎక్కువ. పదిహేను నిమిషాల పాటైనా వేసేవాళ్లు. రాక్ ఆల్బమ్‌లు అక్కడే పెరిగాయి.

వినేవాళ్లు పెరిగాక ప్రకటనలు వచ్చాయి, ప్రకటనలతో లెక్కలు వచ్చాయి. లీ ఏబ్రమ్స్ అనే యువ కన్సల్టెంట్ 1970ల మొదట్లో నార్త్ కరోలినాలోని రాలీలో ఒక స్టేషన్‌తో మొదలుపెట్టి, తర్వాత కెంట్ బర్కార్ట్ అనే ఇంకో కన్సల్టెంట్‌తో కలిసి దేశమంతటా పదుల కొద్దీ స్టేషన్లకు ఒకే పద్ధతి నేర్పాడు. ఏ ఆల్బమ్‌లో ఏ పాట వేయాలో డీజే ఇష్టానికి వదలకుండా జనాన్ని అడిగి తేల్చడమే ఆ పద్ధతి. ఆల్బమ్ ఓరియెంటెడ్ రాక్, పొట్టిగా ఏఓఆర్ అని ఈ తరహా స్టేషన్లకు పేరు. దీన్ని ఎక్కువగా వినేది కుర్రాళ్లు, అందులోనూ మగపిల్లలు. దానికి ఒక పక్క హిట్ పాటలు మాత్రమే తిప్పితిప్పి వేసే టాప్ 40 స్టేషన్లు. ఇంకో పక్క ఆఫీసుల్లో, దుకాణాల్లో, ఇళ్లలో పొద్దంతా మోగే అడల్ట్ కాంటెంపరరీ స్టేషన్లు, అంటే సాఫ్ట్ రాక్ ఇల్లు. బ్రెడ్, కార్పెంటర్స్, తర్వాత ఎయిర్ సప్లై లాంటివాళ్లు అక్కడివాళ్లు.

ఈ మూడింటి మధ్య గోడలున్నాయి. ఆ గోడలు ఎందుకంత గట్టివో తెలియాలంటే వినేవాళ్లని ఎలా లెక్కపెట్టేవాళ్లో చూడాలి. ఆర్బిట్రాన్ అనే సంస్థ ఎంపిక చేసిన ఇళ్లకి చిన్న డైరీలు పంపేది. వారం రోజుల పాటు ఏ స్టేషన్ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా విన్నారో అందులో రాయాలి. పావుగంటలో కనీసం ఐదు నిమిషాలు వింటే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడుతుంది. ఆ లెక్కని బట్టే ప్రకటన రేటు. ఈ పద్ధతిలో ఒక పాటని ప్రాణంగా ప్రేమించే శ్రోత వల్ల స్టేషన్‌కి పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఎంత ప్రేమించినా వాడిదీ అదే పావుగంట. కానీ ఒక పాట నచ్చక స్టేషన్ మార్చేసిన మనిషి వల్ల నష్టం వెంటనే కనిపిస్తుంది. అందుకే ప్రోగ్రామ్ డైరెక్టర్ల భయం ఎప్పుడూ ‘ఈ పాట ఎవరికి నచ్చుతుంది’ అని కాదు, ‘ఈ పాటకి ఎవరు లేచిపోతారు’ అని.

ఆ భయం గడియారాన్ని కూడా ముక్కలు చేసింది. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3 దాకా రేడియో ఆఫీసుల్లో మోగుతుంది. వినేవాళ్లలో పెద్దవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువ. ఇంటి సామాను, కిరాణా, బట్టలు అమ్మే ప్రకటనదారులకి కావలసింది వాళ్లే. పిల్లలు బడి నుంచి వచ్చాక, ముఖ్యంగా రాత్రి 7 దాటాక, కుర్రకారు వింటుంది. కాబట్టి టాప్ 40 స్టేషన్‌లో గిటార్ హోరెత్తించే పాట ఉన్నా దాన్ని సాయంత్రం తర్వాతే వేసేవాళ్లు. పగలు దాచిపెట్టేవాళ్లు. దీన్నే ఆ రంగంలో డేపార్టింగ్ అంటారు. రాత్రి మాత్రమే మోగే పాట రోజుకి రెండుమూడు సార్లకి మించి మోగదు. అన్ని వేళలా మోగే పాట దానికి ఎన్నో రెట్లు మోగుతుంది. హాట్ 100లో అమ్మకాలతో పాటు రేడియో ప్రసారం కూడా లెక్కకి వస్తుంది కాబట్టి, పగలు వినిపించని పాట పైకి ఎక్కడం చాలా కష్టం.

హార్డ్ రాక్ బ్యాండ్‌కి పగటిపూట తలుపు తెరిచే పాట ఒక్కటే, నెమ్మది పాట. ఇది ఎవరి అభిరుచి వల్లా వచ్చింది కాదు. ఆఫీసులో పని చేసుకుంటున్న మనిషి చెయ్యి రేడియో మీదకి వెళ్లకుండా చూసుకోవాల్సి రావడం వల్ల వచ్చింది.

అయితే పూర్తిగా మెత్తని పాట పాడితే ఇంకో తలుపు మూసుకుంటుంది. ఏఓఆర్ స్టేషన్ వినే కుర్రాడు “ఇది మా అమ్మ వినే పాట” అని లేచిపోతాడు. అందుకని రెండు గదుల్లోనూ నిలబడగలిగే పాట కావాలి. మెత్తగా మొదలై హోరెత్తే అలాంటి పాటనే పవర్ బ్యాలడ్ అంటారు, దాని ఆకారం ఇక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం. చరణం పియానోతోనో, మీటి వదిలే గిటార్‌తోనో, గొంతు దగ్గరగా. రెండో చరణానికి డ్రమ్స్. పల్లవికి వచ్చేసరికి గిటార్లు గోడలా లేస్తాయి, నలుగురైదుగురి గొంతులు కలుస్తాయి. మధ్యలో సోలో తప్పనిసరి. మొదటి అర నిమిషం అడల్ట్ స్టేషన్‌కి భరోసా, పల్లవీ సోలో ఏఓఆర్‌కి భరోసా.

సాఫ్ట్ రాక్‌కీ పవర్ బ్యాలడ్‌కీ తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. వేగం రెండింటిలోనూ తక్కువే. సాఫ్ట్ రాక్‌లో పాట ఎంత సద్దుతో మొదలవుతుందో దాదాపు అంతే సద్దుతో ముగుస్తుంది, డ్రమ్ము వెనకే ఉంటుంది. పవర్ బ్యాలడ్‌లో మొదటి చరణం వినడానికి వాల్యూమ్ పెంచితే పల్లవి దగ్గర తగ్గించుకోవాలి.

దీన్ని దగ్గరగా వినాలంటే ఆర్‌ఈఓ స్పీడ్‌వాగన్ పాట ‘కీప్ ఆన్ లవింగ్ యూ’ మంచిది. ఇల్లినాయిలోని షాంపేన్ అనే యూనివర్సిటీ ఊరి బ్యాండ్. 1967 నుంచి ఊరూరా తిరిగి వాయించేవాళ్లు. వాళ్ల తొమ్మిదో స్టూడియో ఆల్బమ్ ‘హై ఇన్ఫిడెలిటీ’ 1980 చివర్లో వచ్చింది. గాయకుడు కెవిన్ క్రోనిన్ ఈ పాటని పియానో మీద కట్టి రిహార్సల్‌కి తెచ్చినప్పుడు మిగతావాళ్లు ఇది మన పాట కాదన్నట్టు చూశారనీ, గిటారిస్టు గ్యారీ రిచ్రాత్ తన గిటార్‌ని పెద్ద సౌండ్‌తో పాట మీదికి తోసేసరికి దాని రూపం మారిపోయిందనీ క్రోనిన్ చాలాసార్లు చెప్పాడు. హెడ్‌ఫోన్స్‌లో వినండి. పియానో తీగలు ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటాయి. పల్లవిలో రిచ్రాత్ గిటార్ ఆ పియానోని మింగేయదు, దాని వెనక నిలబడి ఒక్కో స్వరాన్ని సాగదీస్తుంది. పాట సారాంశం మోసపోయిన మనిషి మొండి ప్రేమ. పెళ్లిళ్లలో వేసుకునే పాట నిజానికి కాదు. పియానో ఒక్కటే ఉంటే అది జాలిపాట అయ్యేది, గిటార్ వల్లే అందులో కోపం వినిపిస్తుంది. బ్యాండ్‌లో ఇద్దరి మధ్య పెనుగులాట ఆ రికార్డులో అలాగే మిగిలింది. అందుకే అది నాకు మూసపాటలా అనిపించదు.

1981 మార్చిలో ఆ పాట నంబర్ వన్ అయింది. ఆల్బమ్ ఆ ఏడాది మొత్తం 15 వారాలు నంబర్ వన్‌గా ఉంది. ఇక అక్కడి నుంచి లెక్క అందరికీ అర్థమైపోయింది. సింగిల్ అమ్మకాలతో వచ్చే డబ్బు కంపెనీకి అంత ముఖ్యం కాదు. సింగిల్ ఆల్బమ్‌కి ప్రకటన. ఏఓఆర్ శ్రోతలు మాత్రమే కొంటే ఆల్బమ్ ఒక స్థాయి దాకా అమ్ముడవుతుంది. ఒక్క నెమ్మది పాట మూడు రకాల స్టేషన్లలోనూ మోగితే ఎప్పుడూ రాక్ రికార్డు కొనని వాళ్లు కూడా దుకాణానికి వస్తారు.

ఏరుకోవడం ఆర్డర్‌గా ఎలా మారిందో ఒకే బ్యాండ్‌లో చూడాలంటే నైట్ రేంజర్ కథ చూడాలి. నాకు వాళ్లంటే ప్రత్యేకమైన ఇష్టం. వాళ్లకి జరిగింది తలచుకుంటే బాధ కూడా.

శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండ్. ఇద్దరు గాయకులు, బాస్ వాయించే జాక్ బ్లేడ్స్, డ్రమ్స్ వాయించే కెల్లీ కీగీ. ఇద్దరు లీడ్ గిటారిస్టులు. వాళ్లలో బ్రాడ్ గిల్లిస్ 1982లో గిటారిస్టు రాండీ రోడ్స్ విమాన ప్రమాదంలో చనిపోయిన తర్వాత ఓజీ ఆస్బర్న్ టూర్‌లో ఆ స్థానంలో వాయించినవాడు. రెండోవాడు జెఫ్ వాట్సన్, రెండు చేతుల ఎనిమిది వేళ్లతో గిటార్ మెడ మీద తట్టి వాయించే విద్యలో దిట్ట. అంటే గిటార్ కోసమే పుట్టిన బ్యాండ్. రెండో ఆల్బమ్ ‘మిడ్‌నైట్ మ్యాడ్‌నెస్’ 1983లో వచ్చింది. మొదటి సింగిల్ జోరైన పాట. రాక్ స్టేషన్లలో బాగా మోగింది, హాట్ 100లో మాత్రం 51 దగ్గర ఆగిపోయింది. నేను చెప్పిన గోడ అంటే ఇదే.

1984లో ‘సిస్టర్ క్రిస్టియన్’ సింగిల్‌గా వచ్చింది. రాసింది, పాడింది డ్రమ్మర్ కీగీ. ఆరెగాన్‌లోని సొంత ఊరికి వెళ్లినప్పుడు తన చిన్న చెల్లెలు ఎంత త్వరగా ఎదిగిపోయిందో చూసి కలిగిన బెంగ ఆ పాట. చెల్లెలు క్రిస్టీ ఇప్పుడు అబ్బాయిలతో కార్లో ఊరి వీధులన్నీ చక్కర్లు కొట్టే వయసుకి వచ్చింది. అన్నగా అతను ఆపలేడు, ఊరుకోనూ లేడు. ఇందులో ఏ కంపెనీ ఆలోచనా లేదు. మార్కెట్ కోసం రాసేవాడు ప్రియురాలి గురించి రాస్తాడు గానీ చెల్లెలి గురించి రాయడు.

పాట అల్లిక కూడా ఆ బెంగకి తగ్గట్టే ఉంటుంది. పియానో, దాని మీద కీగీ గొంతు, బుజ్జగిస్తున్నట్టు. డ్రమ్స్ వెంటనే రావు. వచ్చినప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. పల్లవిలో అతను ఒకే మాటని గొంతు చించుకుని అరుస్తాడు, గిటార్లు రెండూ కింద నుంచి ఎత్తుతాయి. అన్న మనసులో మాట బయటపడేది అక్కడే. చివర్లో మళ్లీ పియానో మాత్రమే మిగులుతుంది. మెత్తగా మొదలై, పెద్దదై, మళ్లీ మెత్తబడే ఆ ఆకారం ఇక్కడ రేడియోకీ సరిపోయింది, విషయానికీ సరిపోయింది. రెండూ కలిసినప్పుడే మంచి పవర్ బ్యాలడ్ పుడుతుంది.

అది హాట్ 100లో 5వ స్థానానికి వెళ్లింది. ఆ తర్వాతి ఆల్బమ్, 1985లో వచ్చిన ‘సెవెన్ విషెస్’లో మొదటి సింగిల్ ఏమిటో చూడండి: ‘సెంటిమెంటల్ స్ట్రీట్’. నెమ్మది పాటే, పాడింది మళ్లీ కీగీయే. 8వ స్థానం. అదే ఆల్బమ్ నుంచి ‘గుడ్‌బై’ అని ఇంకో నెమ్మది పాట, 17వ స్థానం. రెండేళ్ల కింద జోరైన పాటతో తలుపు తట్టిన బ్యాండ్ ఇప్పుడు నెమ్మది పాటతోనే ముందుకి రావాల్సి వచ్చింది. లెక్క చూస్తే రేడియో తప్పేమీ కనిపించదు, పాటలు మోగుతూనే ఉన్నాయి. కానీ బ్యాండ్ బయట లోకానికి ఏమైపోయిందో ఆలోచించండి. ఇద్దరు అరుదైన గిటారిస్టులున్న గుంపు పగటిపూట రేడియోలో మెత్తని పాటల గుంపు అయిపోయింది. మెత్తని పాట కోసం వచ్చినవాళ్లు జోరు పాటలకి చెవులు మూసుకుంటారు. జోరు పాటల కోసం వచ్చినవాళ్లు రావడం మానేస్తారు. 1987లో ఒక సినిమాకి టైటిల్ పాట చేశారు, అది 64 దాటలేదు. 1988 ఆల్బమ్ ‘మ్యాన్ ఇన్ మోషన్’లో మళ్లీ గిటార్ల వైపు తిరిగారు. అప్పటికి ఆలస్యమైంది. 1989లో విడిపోయారు.

ఒక బ్యాండ్‌కి ఈ జబ్బు పట్టిందని ఎలా తెలుస్తుంది? నేను చూసే గుర్తు ఒకటుంది. ఆల్బమ్‌లో మొదటి సింగిల్ ఏది, రెండో మూడో సింగిల్ ఏది అని చూస్తాను. ఆరోగ్యంగా ఉన్న బ్యాండ్ ముందు జోరు పాటని రాక్ స్టేషన్లకి ఇస్తుంది, తన వాళ్లని కూడగట్టుకుంటుంది, ఆ తర్వాత నెమ్మది పాటని అన్ని స్టేషన్లకీ వదులుతుంది. నెమ్మది పాటే ముందు వచ్చిందంటే ఆ బ్యాండ్‌ని సొంత శ్రోతలు మోస్తారన్న నమ్మకం కంపెనీకి పోయిందని అర్థం.

1988 నాటికి ఆర్డర్ ఇవ్వడం బాహాటంగానే జరిగేది. చీప్ ట్రిక్ ఇల్లినాయిలోని రాక్‌ఫర్డ్ బ్యాండ్. వాళ్ల పాటలన్నీ దాదాపు గిటారిస్టు రిక్ నీల్సన్ రాసినవే, చమత్కారం ఆ బ్యాండ్ సొత్తు. జపాన్‌లోని బుడోకాన్‌లో రికార్డు చేసిన లైవ్ ఆల్బమ్‌తో పేరొచ్చి, 1980ల మధ్యకి కిందికి జారిపోయారు. ‘ల్యాప్ ఆఫ్ లగ్జరీ’ ఆల్బమ్ చేసేటప్పుడు బయటి రచయితల పాటలు తీసుకోమని కంపెనీ పట్టుబట్టింది. అలా వచ్చిందే ‘ద ఫ్లేమ్’. రాసినవాళ్లు బాబ్ మిచెల్, నిక్ గ్రాహమ్. బ్యాండ్‌తో వాళ్లకి సంబంధం లేదు. 1988 జూలైలో నంబర్ వన్ అయింది. చీప్ ట్రిక్ మొత్తం చరిత్రలో నంబర్ వన్ అదొక్కటే, తమ పాటల రచయిత రాయనిది.

నేను ఆ పాటని చెడ్డది అనను. బ్యాండ్ గాయకుడు రాబిన్ జాండర్ గొంతు అంత గొప్పది, ఎవరి పాటనైనా తనది చేసుకోగలడు. కానీ ‘సిస్టర్ క్రిస్టియన్’ పక్కన పెట్టి వినండి. ‘ద ఫ్లేమ్’లో ప్రతిదీ ఉండాల్సిన చోట ఉంది. మెల్లని మొదలు, పెరిగే డ్రమ్స్, ఎగిసే పల్లవి. ఆ పాట ఎవరు ఎవరికి పాడుతున్నారో మాత్రం తెలియదు, ఎవరైనా ఎవరికైనా పాడొచ్చు. రేడియోకి కావలసింది కూడా అదే. అప్పట్లో స్టేషన్లు జనానికి ఫోన్ చేసి, పాటలో బాగా పట్టుకునే ముక్కని కొన్ని సెకన్లు వినిపించి, “తెలుసా? ఇష్టమా? విసుగొచ్చిందా?” అని అడిగేవాళ్లు. ఫోన్లో వినిపించే ఆ కొన్ని సెకన్ల ముక్కలో అన్నాచెల్లెళ్ల బెంగ పట్టదు. పెద్ద పల్లవి మాత్రం చక్కగా పడుతుంది. బయటి రచయితలు ఆ ముక్క కోసమే రాయడం నేర్చుకున్నారు.

రేడియో ఒక్కదాన్నే దోషిని చేస్తున్నానని అనొచ్చు. ఎంటీవీ సంగతి ఏమిటి? నిజమే, 1985లో మోట్లీ క్రూ పాడిన ‘హోమ్ స్వీట్ హోమ్’ వీడియోని ప్రేక్షకులు ఫోన్లు చేసి చేసి నెలల తరబడి ఎంటీవీ కోరిక పాటల పైవరసలో నిలబెట్టారు. పియానో వాయించింది డ్రమ్మర్ టామీ లీ. ఇంత జరిగినా హాట్ 100లో ఆ పాట 89 దగ్గర ఆగిపోయింది. టీవీ ముందు కూర్చున్న పిల్లలు ఎంత అడిగినా పగటి రేడియో తలుపు తెరవకపోతే పాట ఎక్కడ ఆగుతుందో దీనికంటే మంచి రుజువు నాకు కనబడలేదు. మూడేళ్లు గడిచాక, డెఫ్ లెపర్డ్, పాయిజన్ లాంటివాళ్ల నెమ్మది పాటలు నంబర్ వన్ అయ్యేనాటికి, అదే తలుపు బార్లా తెరిచి ఉంది. మారింది పాటలు కాదు, స్టేషన్ల లెక్క.

ఇంకో అభ్యంతరం నా స్నేహితుడిదే. “ఎవరి కోసం రాసినా, జనం విన్నారు కదరా, అందులో బాధేముంది?” అని అడిగాడు ఒకసారి, తను తిట్టే పాటల్ని తనే వెనకేసుకొస్తూ. జనం వినడం గురించి నాకే బాధా లేదు. మా అక్క పెళ్లయిన కొత్తలో ఫారినర్ పాట ‘ఐ వాంట్ టు నో వాట్ లవ్ ఈజ్’ క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నది, గాస్పెల్ గాయకబృందం కలిసే చోట ప్రతిసారీ పని ఆపేసేది. ఆ పాట రాసిన మిక్ జోన్స్ బ్యాండ్ గిటారిస్టే, గాయకబృందాన్ని తెచ్చింది పాటకి అవసరమై. నా బాధల్లా వినిపించకుండా పోయిన వాటి గురించి. ఎక్స్‌ట్రీమ్ ఆల్బమ్ ‘పోర్నోగ్రాఫిటీ’ నుంచి రెండు జోరు పాటలు ముందు సింగిల్స్‌గా వచ్చాయి. నూనో బెటెన్‌కోర్ట్ గిటార్ అందులో వినాలి, వేళ్లా అవి అనిపిస్తుంది. పగటి రేడియో వాటి వైపు చూడలేదు. తర్వాత డ్రమ్స్ కూడా లేని ‘మోర్ దన్ వర్డ్స్’ వచ్చి 1991లో నంబర్ వన్ అయింది. మన క్యాసెట్లలోకి చేరింది అదొక్కటే. ఆ గిటారిస్టు ఏం చేయగలడో నాకు తెలియడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది.

నైట్ రేంజర్ విడిపోయాక జాక్ బ్లేడ్స్ ఏం చేశాడో చెప్పి ముగిస్తాను. స్టిక్స్ బ్యాండ్ నుంచి వచ్చిన టామీ షా, గిటార్ హోరుకి పేరుపడ్డ టెడ్ న్యూజెంట్‌తో కలిసి డామ్న్ యాంకీస్ అని కొత్త బ్యాండ్ పెట్టాడు. 1990లో మొదటి సింగిల్‌గా జోరు పాట ‘కమింగ్ ఆఫ్ ఏజ్’ ఇచ్చారు, రాక్ స్టేషన్ల చార్టులో అది నంబర్ వన్. ఆ తర్వాతే ‘హై ఇనఫ్’ అనే నెమ్మది పాట వదిలారు. అది 1991 జనవరిలో హాట్ 100లో 3వ స్థానానికి వెళ్లింది. బ్లేడ్స్, షా, న్యూజెంట్ ముగ్గురి పేర్లూ రచయితలుగా ఉన్నాయి. బయటివాళ్ల పేరు ఒక్కటీ లేదు.